బీపీ తగ్గింది కదా, మరి ఇప్పుడే కాన్పు ఎందుకు?

(చంద్రగిరి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, 9వ తేదీ గర్భిణుల పరీక్షల రోజున, ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగం. విన్నవారిలో గర్భిణులు, వాళ్ల అమ్మలు, అత్తలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారమమ్మా. వెనకాల నిలబడ్డ ఆడపిల్లలు ముందుకొచ్చి కూర్చోండి. కడుపుతో ఉన్నవాళ్లు నిలబడొద్దు, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అత్తలు, అమ్మలు కూడా కూర్చోండి. నేను ఈరోజు చెప్పేది కడుపుతో ఉన్న పిల్లకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం. ఎందుకంటే ఆసుపత్రిలో ఆ సమయం వచ్చినప్పుడు డాక్టరు మాట్లాడేది ఎక్కువగా మీతోనే.

గర్భంలో వచ్చే బీపీ గురించి మాట్లాడదాం. అందులోనూ ఒక్క ప్రశ్న తీసుకుంటాను. మా వార్డులో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న అది. "మేడం, బిళ్ల వేశారు, బీపీ తగ్గింది కదా. మరి ఇప్పుడే కాన్పు చేయాలంటారెందుకు? బిడ్డకు ఇంకా నెలలు నిండలేదు కదా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిడ్డ మీద ప్రేమతో అడుగుతున్నారు. దానికి సరిగ్గా జవాబు చెప్పాలంటే ఈ జబ్బు ఎక్కడ పుడుతుందో ముందు చెప్పాలి.

దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అయిదు నెలలు దాటాక, అంటే 20 వారాల తర్వాత వస్తుంది. ఎక్కువమందికి ఏడో నెల దాటాకే బయటపడుతుంది. బీపీ 140/90 గానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటుంది. ఒక్కసారి కాదు, నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసినా అలాగే ఉండాలి. దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతుండాలి, లేదా కిడ్నీ, లివరు, రక్తంలో ప్లేట్‌లెట్లు, మెదడు, వీటిలో ఏదో ఒకటి దెబ్బతిన్నట్టు తేలాలి. మూత్రంలో ప్రొటీన్ లేదు కాబట్టి ఏమీ లేదులే అనుకోవద్దు. ప్రొటీన్ లేకుండానే ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు ఉంటారు.

సరే, ఇది పుట్టేది ఎక్కడ? గుండెలోనా? కాదు. కిడ్నీలోనా? కాదు. మాయలో. కాన్పయ్యాక బిడ్డ వెనకాల పడుతుందే, ఆ మాయలో. గర్భం మొదటి నెలల్లో, తల్లి గర్భసంచిలోని సన్నటి రక్తనాళాలు బాగా వెడల్పవ్వాలి. అప్పుడే మాయకు రక్తం ధారాళంగా వస్తుంది. కొందరిలో అవి వెడల్పు కావు, సన్నగానే ఉండిపోతాయి. మాయకు రక్తం చాలదు. చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఒళ్లంతా తిరిగి రక్తనాళాల లోపలి పొరను పాడు చేస్తాయి. అందుకే బీపీ పెరుగుతుంది. కిడ్నీ నుంచి ప్రొటీన్ కారిపోతుంది, లివరు ఉబ్బుతుంది, మెదడుకు వాపు వస్తుంది. బిడ్డకు వెళ్లే రక్తం తక్కువ కాబట్టి బిడ్డ బరువు పెరగదు. అన్నింటికీ మూలం అదే.

ఇప్పుడు చెప్పండి, బీపీ బిళ్ల ఏం చేస్తుంది? పొయ్యి మీద పాలు పొంగుతుంటే నీళ్లు చిలకరిస్తాం కదా, అంతే చేస్తుంది. పొంగు అణుగుతుంది, కింద మంట మాత్రం అలాగే ఉంటుంది. లెబెటలాల్ అయినా, నిఫెడిపిన్ అయినా బీపీని దించి, మెదడులో రక్తనాళం చిట్లకుండా కాపాడతాయి. అది చాలా పెద్ద పని, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మాయ లోపలే ఉన్నంతసేపూ జబ్బు నడుస్తూనే ఉంటుంది. మాయ బయటికి వస్తేనే జబ్బు దిగడం మొదలవుతుంది. ఇదమ్మా అసలు సంగతి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. తొలి కాన్పు, ఇరవై రెండేళ్ల పిల్ల. అత్తగారిల్లు నగరి వైపు. అక్కడ మొదటి నెలల్లో కార్డు రాయించుకుంది, స్కాన్ తీయించుకుంది. 11 వారాలప్పుడు బీపీ 100/64. అయిదో నెలలో 104/66. 28 వారాలకు 112/70. అన్నీ బాగున్నాయి. ఏడో నెలలో శ్రీమంతం చేశారు, పుట్టింటికి పంపారు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. చీరలు వచ్చాయి, గాజులు వచ్చాయి. కార్డు మాత్రం అత్తగారింటి బీరువాలోనే ఉండిపోయింది.

ఇది మీకు తెలియనిది కాదు, ఆశా అక్కలు నవ్వుతున్నారు చూడండి. పుట్టింటికి వచ్చిన పిల్ల ఈ ఊరి లిస్టులో ఉండదు, ఆ ఊరి లిస్టులో ఉంటుంది కానీ మనిషి అక్కడ ఉండదు. సరిగ్గా జబ్బు బయటపడే నెలల్లోనే పిల్ల ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. ఈ అమ్మాయికి అయిదు వారాలు ఎవరూ బీపీ చూడలేదు. అందుకని అమ్మలకు చెప్తున్నాను: కూతురు బండి దిగిన వారంలోపే మీ ఊరి ఆశాకు చెప్పండి. కార్డు లేకపోతే ఫోన్లో ఫొటో తెప్పించండి. ప్రతి పేజీ ఫొటో కావాలి. ముఖ్యంగా మొదటి నెలల్లో తీసిన స్కాన్ కాగితం. అదెందుకో తర్వాత చెప్తాను.

33 వారాలప్పుడు ఆ పిల్ల పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బింది. కనురెప్పలు బరువుగా ఉన్నాయి. చేతి ఉంగరం రావడం లేదు. వాళ్లమ్మ ఏం చేసింది? బార్లీ నీళ్లు కాచి ఇచ్చింది, అన్నంలో ఉప్పు మానిపించింది. మీరైనా అదే చేసేవారు. బార్లీ నీళ్లు తాగితే నష్టం లేదు, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు. ఉప్పు మానేసినా ఈ జబ్బు తగ్గదు, ఆగదు. నోటికి తిండి సహించడం మానేస్తుంది, అంతే.

కాళ్ల వాపు గురించి ఒక మాట. చివరి నెలల్లో సాయంత్రానికి కాళ్లు వాయడం మామూలు గర్భంలోనూ ఉంటుంది. పడుకుని లేస్తే తగ్గుతుంది. దానికి భయపడి ఆసుపత్రికి పరుగెత్తనక్కర్లేదు, కానీ బీపీ మాత్రం చూపించుకోండి. పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, చేతులు ఉబ్బడం, వారంలో ఒక్కసారిగా బరువు పెరిగిపోవడం, ఇవి వేరు. వీటికి ఆ రోజే బీపీ చూడాలి. ఇంకో సంగతి, అసలు వాపే లేకుండా ఈ జబ్బు వచ్చేవాళ్లూ ఉన్నారు. వాపు లేదు కాబట్టి బీపీ ఉండదులే అని ధీమా పడకండి.

ఆ అమ్మాయిని మూడో రోజు సెంటర్‌కు తీసుకొచ్చారు. ఇక్కడ బీపీ చూడటం గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఏఎన్ఎం చెల్లెళ్లూ, మీరు వినండి. ఎన్నో కార్డులు చూస్తుంటాను. 120/80, 120/80, 110/70, 120/80. నాలుగు నెలలు, నలుగురు మనుషులు, దాదాపు ఒకే అంకె. నిజంగా చూస్తే అలా వస్తుందా? 116 వస్తుంది, 124 వస్తుంది, 78 వస్తుంది, 84 వస్తుంది. చూసిన అంకెనే రాయండి. గుండ్రంగా రాయొద్దు. ఎందుకంటే మామూలుగా నడినెలల్లో బీపీ కాస్త తగ్గి, చివర్లో మళ్లీ పెరుగుతుంది. 100/64 ఉన్న పిల్లకు 134/86 వచ్చిందంటే లెక్క ప్రకారం అది జబ్బు కాదు, 140/90 రాలేదు. కానీ నేనైతే ఆ పిల్లను నెల తర్వాత రమ్మని పంపను. రెండు మూడు రోజుల్లో మళ్లీ చూస్తాను. ఆ పెరుగుదల కనిపించాలంటే వెనకటి అంకెలు నిజమైనవై ఉండాలి కదా?

ఎలా చూడాలి? పిల్ల ఆటో దిగి, మెట్లెక్కి, లైన్లో నిలబడి వస్తుంది. రాగానే చూడొద్దు. అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టండి. వీపుకు ఆనుడు ఉండాలి, కాళ్లు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. మూత్రం వస్తుంటే ముందు వెళ్లి రమ్మనండి. అరగంటలోపు కాఫీ, టీ తాగి ఉంటే ఆగండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. చూసేటప్పుడు మాట్లాడొద్దు, మాట్లాడించొద్దు. జాకెట్టు చెయ్యి బిగుతుగా పైకి మడిచి దాని కింద పట్టీ కట్టొద్దు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది, అది ఇంకా ప్రమాదం. పిల్లను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి పైచేతికి బీపీ చూస్తే అంకె తక్కువ వస్తుంది. ఆ చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి. "పడుకోబెట్టి చూస్తే తగ్గింది మేడం, ఇంటికి పంపేశాం" అంటారు. తగ్గింది జబ్బు కాదమ్మా, అంకె. అలాగే బ్యాటరీ మిషన్లు. వాటిలో చాలావాటిని గర్భిణుల మీద పరీక్షించి ఉండరు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొన్ని మిషన్లు తక్కువ చూపిస్తాయి. మిషన్ 136 చూపిస్తోంది, పిల్ల తల పగిలిపోతోందంటోంది. అప్పుడు స్టెతస్కోపు పెట్టి చేత్తో చూడండి. మిషన్ మాట ఒక్కటే నమ్మొద్దు.

ఆ అమ్మాయికి ఇవన్నీ సరిగ్గా పాటించి చూస్తే 148/96 వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ చూసే పట్టీ ముంచితే రెండు ప్లస్‌లు. ఏఎన్ఎం ఆ అంకె నిజమో కాదో అని నాలుగు గంటలు ఇక్కడే కూర్చోబెట్టలేదు, వెంటనే మా దగ్గరికి పంపింది. మంచి పని చేసింది. రెండోసారి చూసే పని ఆసుపత్రిలోనూ అవుతుంది. సాయంత్రం మా దగ్గర 150/98. రక్తపరీక్షల్లో ప్లేట్‌లెట్లు 1 లక్షా 90 వేలు, లివరు బాగుంది, కిడ్నీ బాగుంది. స్కాన్‌లో బిడ్డ వయసుకు తగినదాని కంటే కాస్త చిన్నగా ఉంది, ఉమ్మనీరు సరిపడా ఉంది.

ఇక్కడ స్కాన్ కాగితం పనికొచ్చింది. "మేడం, ఎనిమిదో నెల" అన్నారు ఇంట్లోవాళ్లు. ఎనిమిదో నెలలో మొదలా, చివరా? మాకు వారాలు కావాలి, వారాల్లోనూ రోజులు కావాలి. 33 వారాలకు చేసేది వేరు, 34కు చేసేది వేరు, 37కు చేసేది వేరు. చివరి నెలల్లో స్కాన్ తీస్తే వారాల లెక్క రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. అందులోనూ ఈ జబ్బులో బిడ్డ చిన్నగా ఉంటుంది కాబట్టి, వారాలు తక్కువేమో అని పొరపాటు పడతాం. మూడో నెలలోపు తీసిన స్కాన్ అలా కాదు, దాని లెక్క కొద్ది రోజుల తేడాతో నిలుస్తుంది. కార్డు నగరి నుంచి బస్సులో తెప్పించారు. 33 వారాల 1 రోజు అని తేలింది.

అప్పుడు ఏం చేశాం? కాన్పు చేయలేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే బీపీ అనగానే డాక్టర్లు కడుపు కోసేస్తారని ఒక అనుమానం ఉంది. 33 వారాలకు బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా సిద్ధం కావు. తల్లి స్థిమితంగా ఉంది, రక్తం బాగుంది. కాబట్టి వార్డులో ఉంచుకుని కనిపెట్టుకున్నాం. లెబెటలాల్ మొదలుపెట్టాం. తొందరలోనే కాన్పు చేయాల్సి రావచ్చనిపించి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇచ్చాం. 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు. జబ్బు ఇలాగే అదుపులో ఉంటే 37 వారాల వరకు ఆగుదామన్నాం.

బీపీ 130/84కు దిగింది. ఇంట్లోవాళ్ల ముఖాలు వికసించాయి. "ఇంక ఇంటికి పంపండి మేడం, నెలలు నిండాక మంచి రోజు చూసుకుని వస్తాం" అన్నారు. వద్దన్నాం. వారానికి రెండుసార్లు రక్తం చూడాలి, రోజూ బిడ్డ కదలిక లెక్కపెట్టాలి, బీపీ నాలుగు గంటలకోసారి చూడాలి అన్నాం. అలిగారు కానీ ఉన్నారు. ఉండటమే మేలైంది.

34 వారాల 2 రోజులప్పుడు, రాత్రి భోజనం తర్వాత ఆ పిల్లకు పొట్ట పైభాగంలో, ఛాతీ కింద, కుడివైపు నొప్పి. వాంతి అయింది. పక్కన ఉన్న వాళ్లమ్మ "గ్యాస్ అయుంటుంది, సోడా తాగించనా" అని నర్సును అడిగింది. చివరి నెలల్లో ఛాతీ మంట అందరికీ ఉంటుంది. అందుకే ఈ నొప్పి మోసం చేస్తుంది. ఛాతీ మంట గొంతులోకి పుల్లగా వస్తుంది, మందు వేస్తే తగ్గుతుంది. ఇది అలా కాదు. పక్కటెముకల కింద గట్టిగా పట్టేసినట్టు ఉంటుంది, నొక్కితే ఓర్చుకోలేరు. లివరు ఉబ్బి, దాని మీది పొర సాగితే వచ్చే నొప్పి ఇది. నర్సు సోడా తేలేదు, బీపీ చూసింది. 162/108. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే 164/112. బీపీ 160/110 దాటితే నాలుగు గంటలు ఆగకూడదు, పావుగంటలో మళ్లీ చూసి మందు మొదలుపెట్టాలి. నిఫెడిపిన్ 10 మిల్లీగ్రాములు నోటికి ఇచ్చింది. చప్పరించే బిళ్లగా కాదు, మింగించాలి. రక్తం పంపింది. మూడు రోజుల కిందట 1 లక్షా 30 వేలు ఉన్న ప్లేట్‌లెట్లు 92 వేలకు పడ్డాయి. లివరు పరీక్ష అంకెలు మూడింతలు పెరిగాయి.

ఆ రాత్రి వాళ్ల నాన్న, మామగారు, ఇద్దరూ వచ్చారు. కాన్పు ఇప్పుడే చేయాలని చెప్పాం. మూడు మాటలు అన్నారు. మీ అందరి ఇళ్లల్లోనూ వినిపించేవే కాబట్టి మూడింటికీ జవాబు చెప్తాను.

మొదటిది, "ఏడో నెల బిడ్డ బతుకుతుంది కానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారు కదా" అన్నారు మామగారు. పెద్దాయన మర్యాదగానే అన్నాడు, భయపడి అన్నాడు. ఇది తరాలుగా వస్తున్న మాట. కానీ నిజం దానికి ఎదురుగా ఉంది. బిడ్డ లోపల గడిపే ప్రతి వారమూ బలమే. 30 వారాల బిడ్డ కంటే 34 వారాల బిడ్డ బతికే అవకాశం చాలా ఎక్కువ. శ్వాస, పాలు తాగడం, ఒంటి వేడి నిలుపుకోవడం, అన్నీ మెరుగ్గా ఉంటాయి. 34 వారాల బిడ్డకు కొన్నాళ్లు నవజాత శిశువుల వార్డు అవసరం కావచ్చు. అది ఉన్న ఆసుపత్రిలో కాన్పయితే ఎక్కువమంది బిడ్డలు క్షేమంగా ఇంటికి వెళ్తారు.

రెండోది, "రెండు రోజులు ఆగండి, అష్టమి, నవమి పోనివ్వండి." నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే. కొండ కింద పుట్టి పెరిగినదాన్ని. ఏ తొందరా లేని ఆపరేషన్‌కు 39 వారాలు దాటాక మంచి రోజు చూసుకుంటామంటే నేనూ సరే అంటాను. ఇక్కడ లెక్క వేరు. ప్లేట్‌లెట్లు మూడు రోజుల్లో 1 లక్షా 30 వేల నుంచి 92 వేలకు వచ్చాయి. రెండు రోజులు ఆగితే ఎక్కడికి దిగుతాయి? 50 వేలకు దిగితే నడుముకు మత్తు ఇవ్వడానికి మత్తు డాక్టరు భయపడతారు, కాన్పులో రక్తస్రావం ఆగదు. ఫిట్స్ రావచ్చు. మాయ బిడ్డ కంటే ముందే విడిపోవచ్చు, అప్పుడు నిమిషాల్లో బిడ్డ పోతుంది. ఈ జబ్బు తీవ్రంగా మారి, 34 వారాలు దాటి ఉంటే, ఆగడం వల్ల బిడ్డకు వచ్చే లాభం కొంచెం, తల్లికి వచ్చే నష్టం చాలా.

మూడోది, "బీపీ మందు వేశారు, ఇప్పుడు 140 ఉంది, తగ్గింది కదా." తగ్గింది. ప్లేట్‌లెట్లు పెరిగాయా? లివరు నొప్పి పోయిందా? లేదు. జబ్బు బీపీ అంకెలో ఒక్కచోటే లేదు కాబట్టి, ఆ అంకె ఒక్కటి దిగితే జబ్బు దిగినట్టు కాదు. ఇది చెప్పాక వాళ్ల నాన్న అడిగాడు, "అయితే ఆపరేషనేనా?" అని. కాదు. ఈ జబ్బు ఉంటే ఆపరేషన్ చేసే తీరాలని లేదు. తల్లి, బిడ్డ తట్టుకోగలిగితే నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేయవచ్చు. అలాగే చేశాం. సంతకం పెట్టారు.

ముందు మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాం. ఫిట్స్ రాకుండా ఆపే మందు ఇది. 2002లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన, సుమారు పదివేలమంది తల్లుల మీద చేసింది, ఈ మందుతో ఫిట్స్ సగానికంటే ఎక్కువ తగ్గుతాయని తేల్చింది. ఏఎన్ఎంలకు దీని సంగతి తెలుసు, అయినా మళ్లీ చెప్తాను. తీవ్రమైన బీపీతో గానీ, ఫిట్స్‌తో గానీ వచ్చిన పిల్లను పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు మీరే ఇవ్వవచ్చు. 50 శాతం మందు, ఒక్కో రెండు మిల్లీలీటర్ల యాంపుల్‌లో ఒక గ్రాము ఉంటుంది. అయిదు యాంపుళ్లు ఒక పిరుదులో, అయిదు ఇంకో పిరుదులో, కండలోకి లోతుగా. మొత్తం 10 గ్రాములు. ఎప్పుడు ఇచ్చారో, ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి పంపండి. రాయకపోతే అక్కడ మళ్లీ ఇస్తారు. ఈ మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అందుకే మేం మోకాలి మీద తట్టి కాలు ఎగురుతుందా, ఊపిరి నిమిషానికి 16 ఉందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు వస్తోందా అని చూస్తూ ఇస్తాం. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకుంటాం.

మరుసటి రోజు రాత్రికి కాన్పయింది. ఆడపిల్ల, 1 కిలో 800 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. శిశువుల వార్డులో ఉంచి, మొదట గొట్టంతో, తర్వాత పాలాడీతో పాలు పట్టి, చివరికి రొమ్ము అందించారు. తల్లికి ప్లేట్‌లెట్లు కాన్పయ్యాక కూడా ఒకరోజు 84 వేలకు దిగి, మూడో రోజుకు లక్షా 10 వేలకు ఎక్కాయి.

ఒకవేళ ఈ పిల్లకు జబ్బు తీవ్రం కాకుండా అలాగే ఉంటే? అప్పుడు 37 వారాల వరకు ఆగేవాళ్లం, ఆ తర్వాత ఒక్కరోజు కూడా సాగదీసేవాళ్లం కాదు. "నలభై వారాలు నిండనివ్వండి" అంటారు చాలామంది. 2009లో నెదర్లాండ్స్ డాక్టర్లు 756 మంది మీద పరీక్షించారు. 36 వారాలు దాటి, తీవ్రం కాని బీపీ ఉన్నవాళ్లు. కొందరికి నొప్పులు తెప్పించారు, కొందరిని కనిపెట్టుకుని ఆగారు. ఆగినవాళ్లలో నూటికి 44 మందికి జబ్బు ముదరడం లాంటి ఇబ్బందులు వచ్చాయి, నొప్పులు తెప్పించినవాళ్లలో 31 మందికి. ఆపరేషన్లు పెరగలేదు. ఈ జబ్బు ఉన్నప్పుడు 37 తర్వాత బిడ్డకు లోపల ఉండి వచ్చే లాభం పెద్దగా లేదు, తల్లి మాత్రం ప్రతిరోజూ ప్రమాదం మోస్తుంటుంది.

34కు ముందే తీవ్రమైతే? అది కష్టమైన నిర్ణయం. నిజం చెప్పాలంటే మాకూ నిద్ర పట్టని రాత్రులు అవే. తల్లి తట్టుకోగలిగితే, శిశువుల వార్డు ఉన్న పెద్దాసుపత్రిలో, రోజురోజూ చూస్తూ కొద్ది రోజులు గడుపుతాం. ఫిట్స్ వచ్చినా, బీపీ మందులకు లొంగకపోయినా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, మాయ విడిపోతున్నా, ఎన్ని వారాలైనా సరే తల్లి పరిస్థితిని స్థిమితపరిచి కాన్పు చేస్తాం. ఇలాంటి పిల్లను ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్‌లో ఉంచుకోవద్దు. తిరుపతి మెటర్నిటీ ఆసుపత్రికి గానీ, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి గానీ ముందే చేర్చండి.

ఇప్పుడు ఇంట్లో ఉన్నప్పుడు ఏం చూసుకోవాలి అని అడుగుతారు. మాత్ర వేసినా తగ్గని తలనొప్పి. కళ్ల ముందు మెరుపులు, చుక్కలు, చూపు మసకబారడం. ఇందాక చెప్పిన పొట్ట పైభాగం నొప్పి, దాంతో వాంతి. పడుకుంటే ఊపిరి ఆడకపోవడం. మూత్రం తగ్గిపోవడం. బిడ్డ కదలిక తగ్గడం, యోని నుంచి రక్తం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారే దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. తలనొప్పికి దిష్టి తీయాలనుకుంటే ఫోన్ చేశాక, బండి వచ్చేలోపు తీయండి, నాకు అభ్యంతరం లేదు.

ఫిట్స్ వస్తే? పెద్దవాళ్లు గుర్రపు వాతం అంటారు, గాలి సోకిందనీ అంటారు. పిల్లను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో గుడ్డ, చెంచా, ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలగుత్తి పెట్టే పని లేదు. నీళ్లు తాగించొద్దు. ఫిట్ ఆగాక తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకురావాల్సిందే, మళ్లీ రావచ్చు.

ఏమ్మా, చెయ్యెత్తావు, అడుగు. కాన్పయ్యాక బీపీ పోతుంది కదా అంటోంది. పోతుంది, కానీ ఆ రోజే పోదు. మెగ్నీషియం కాన్పు తర్వాత కూడా 24 గంటలు ఇస్తాం, అందుకే. అసలు బీపీ బాగా పైకి వెళ్లేది మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో. అంటే ఎప్పుడు? తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వెళ్లాక. ఆ అమ్మాయికి నాలుగో రోజు 158/104 వచ్చింది. వార్డులో ఉంది కాబట్టి తెలిసింది, మందు పెంచాం. ఇంట్లో ఉంటే బాలింతకు తలనొప్పి అంటే చలి తగిలిందనీ, నిద్ర చాలలేదనీ చెవులకు దూది పెట్టి పడుకోబెడతారు. ఆశా అక్కలూ, మీరు మూడో రోజు, ఏడో రోజు బిడ్డను చూడటానికి ఆ ఇంటికి వెళ్తారు కదా. బిడ్డను తూకం వేసినప్పుడే తల్లిని అడగండి: తలనొప్పి ఉందా, చూపు ఎలా ఉంది. ఏఎన్ఎంతో బీపీ చూపించండి. కాన్పు తర్వాత ఆరు వారాల వరకు ఈ జాగ్రత్త ఉండాలి. పాలిచ్చే తల్లి వేసుకోదగ్గ బీపీ మందులే ఇస్తాం, పాలకు చెడుపు అని మానేయొద్దు. కాన్పు చేసే సిస్టర్లకు ఒక మాట, బీపీ ఉన్న తల్లికి రక్తస్రావం ఆపడానికి మెథర్జిన్ ఇవ్వొద్దు, ఆక్సిటోసిన్ ఇవ్వండి.

ఆ వెనకాల అక్క అడుగుతోంది, మళ్లీ కాన్పుకు కూడా వస్తుందా అని. అందరికీ రాదు. కానీ మొదటిసారి వచ్చినవాళ్లకు, కవలలు ఉన్నవాళ్లకు, ముందునుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లు గర్భం తెలియగానే, మూడో నెలలోపే రావాలి. 12 వారాల నుంచి రాత్రిపూట చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతాం. ఎంత వేయాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, షాపులో కొని వేసుకోవద్దు. 16 వారాలు దాటాక మొదలుపెడితే ఉపయోగం తగ్గిపోతుంది. ఎందుకంటే నేను మొదట చెప్పిన రక్తనాళాలు వెడల్పయ్యేది ఆ నెలల్లోనే. కాల్షియం బిళ్లలు కూడా ఇస్తారు కదా, అవి మింగండి, మంచం కింద దాచొద్దు. కాల్షియం, ఐరన్ రెండూ ఒకేసారి వేసుకోవద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. అన్నిటికంటే ముందు, పోయినసారి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం దాచి ఉంచండి. ఎన్ని వారాలకు కాన్పయింది, ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయి, ఏం మందు ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. ఈసారి పుట్టింటికి వచ్చేటప్పుడు చీరల పెట్టెలో మొదట ఆ కాగితం పెట్టండి.